వెయ్యి మంది కాదు, ఎనభై మంది: సకినాల ప్లాన్‌లో ఒక్క అంకె కోసం నేను పెట్టిన ఖర్చు

మాది హనుమకొండ. మా అత్తమ్మ చేతి సకినాలు వాడకట్టులో అందరికీ తెలుసు. నాలుగేండ్లుగా ఆర్డర్ల మీద చేసి ఇస్తున్నాం. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు, హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల పిల్లలు, అంతే మా గిరాకీ. ఈ ఏడు కొంచెం పెద్దగా చేద్దామనుకుని ముద్ర లోన్‌కి 4 లక్షలు అడుగుతూ ఆడిటర్ దగ్గర ప్రాజెక్టు రిపోర్టు రాయించాను. అందులో ప్రచారం కింద నెలకు 20,000 చొప్పున ఆరు నెలలకు 1,20,000 రూపాయలు, దాంతో వెయ్యి మంది కొత్త కస్టమర్లు అని ఉంది. అంటే ఒక్కో కస్టమర్‌కి 120 రూపాయలు.

ఆ 120 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ఆన్‌లైన్ యాడ్స్ వేసే ఒకతను, యాడ్ చూసి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించడానికి మనిషికి 30 రూపాయలు పడుతుందన్నాడు. నన్ను ఆడిటర్ అడిగితే, ఫోన్ చేసిన నలుగురిలో ఒకరు కొంటారని నేనే చెప్పాను. ముప్పై ఇంటూ నాలుగు, నూట ఇరవై. అంతే లెక్క.

జూన్ 26న రిపోర్టు పట్టుకుని బ్యాంకుకు పోయాను. అక్కడి సార్ అన్నీ తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగాడు. "ఈ వెయ్యి మంది యాడికెల్లి వస్తరమ్మా?" అన్నాడు. నేను యాడ్స్ అన్నాను. "ఎప్పుడన్న వేసిన్రా?" లేదు సార్ అన్నాను. ఆయన కోప్పడలేదు, ఫైలు మాత్రం నా వైపు జరిపాడు. ఆటోలో ఇంటికొచ్చేదాకా చెవులు వేడెక్కే ఉన్నాయి.

ఏదో ఒకటి చేయాలని జులై 9న ఇన్‌స్టాగ్రామ్‌లో అత్తమ్మ సకినాలు చుట్టే వీడియో ఒకటి పెట్టి, కింద కనిపించిన Boost post నొక్కాను. ఐదు రోజులు, రోజుకు 300. బిల్లులో 18 శాతం GST కలిస్తే 1,770. రెండు వందలకు పైగా లైకులు, తొమ్మిది మెసేజ్‌లు, ఆర్డర్లు సున్నా. మెసేజ్‌లలో రెండు మా చుట్టాలవే, "మంచిగుంది పిల్లా" అని.

జులై 19, శనివారం మా ఆడబిడ్డ వచ్చింది. ఆమె హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఈ యాడ్స్ పనే చేస్తుంది. నేను గొప్పగా లైకులు చూపించాను. "వదినా, లైకులతోని బియ్యం రావు" అంది. నేను నొక్కిన బటన్ దగ్గర, నాకు ఏం కావాలని అడిగితే చూడకుండా ప్రొఫైల్ చూసేవాళ్లు కావాలని వదిలేశానట. ఏది అడిగితే అది ఇచ్చేవాళ్లను వెతికి చూపిస్తుంది ఆ యంత్రం. ప్రొఫైల్ చూసేవాళ్లు కావాలంటే చూసేవాళ్లనే తెస్తుంది, కొనేవాళ్లను కాదు. ఆ 1,770 నేను నేర్చుకోవడానికి కట్టిన మొదటి ఫీజు.

ఆ రోజు సాయంత్రం ఆమె ఫోన్ ముట్టుకోనివ్వలేదు. నోట్‌బుక్ తెమ్మంది.

మొదటి ప్రశ్న: కస్టమర్ అంటే ఎవరు? అదేం ప్రశ్న అనుకున్నాను గానీ అరగంట పట్టింది. చివరికి రాసుకున్నది ఇది: మా పాత నోట్‌బుక్‌లో నంబర్ లేని మనిషి, యాడ్ చూసి వచ్చి, డబ్బులు మా ఖాతాలో పడితేనే ఒక కస్టమర్. "రేపు పంపిస్తా అక్కా" అన్నవాళ్లు కారు. యాడ్ చూసి మళ్లీ ఆర్డర్ పెట్టిన పాతవాళ్లూ కారు, వాళ్లు యాడ్ లేకున్నా వచ్చేవాళ్లే. ఖర్చు అంటే స్క్రీన్ మీద కనిపించేది కాదు, GSTతో కలిపి నా ఖాతాలోంచి పోయినది.

రెండో ప్రశ్న: ఒక కస్టమర్‌ కోసం ఎంతదాకా పెట్టొచ్చు? కిలో సకినాల డబ్బా హైదరాబాద్ ఇంటికి చేర్చి 600 తీసుకుంటున్నాం. బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాస్ కలిపి 205. చుట్టేవాళ్ల కూలి 85. డబ్బా, కవర్లు 40. కొరియర్ 90. మొత్తం 420 పోతే మిగిలేది 180. మొదటి ఆర్డర్‌తోనే యాడ్ ఖర్చు తిరిగి రావాలంటే 180 దాటొద్దు. వాళ్లు మళ్లీ కొంటారు కదా అన్నాను నేను. మా నోట్‌బుక్‌లో ముగ్గురిలో ఒకరు మూడు నెలల్లోపు మళ్లీ కొన్నారు. "వాళ్లు నీ చుట్టాలు, వాళ్ల దోస్తులు. ఫోన్ల చూసి వచ్చినోళ్లు గట్లనే చేస్తరని నీకెట్ల తెలుసు?" అంది. తెలియదు. కాబట్టి 180 అని రాసి కింద గీత గీసింది. యాడ్ మొదలయ్యాక ఈ గీత మార్చొద్దని షరతు.

మూడోది, పరీక్షకు ఎంత పెట్టాలి. నేను వెయ్యి రూపాయలతో చూద్దామన్నాను. అప్పుడు ఆమె చెప్పింది నాకు చాలా ఉపయోగపడింది. నీ గీత 180 అయితే, వెయ్యికి ఐదారు ఆర్డర్లు వస్తే గీత దగ్గర ఉన్నట్టు. కానీ అదృష్టం బాగుంటే తొమ్మిది రావచ్చు, బాగోకపోతే రెండే రావచ్చు. రెండు వచ్చినా తొమ్మిది వచ్చినా ఏం చెప్పలేవు. నీ గీత దగ్గర నిజం ఉంటే కనీసం ఇరవై ఆర్డర్లు వచ్చేంత డబ్బు పెట్టు అంది. 180 ఇంటూ 20, అంటే 3,600. కొంచెం ఎక్కువే ఉండనీ అని వారానికి 4,200, పన్నుతో 4,956 అనుకున్నాం.

అత్తమ్మ పక్కనే కూర్చుని వింటోంది. "గన్ని పైసలు గా ఫోన్ల పోస్తే సకినాలు అమ్ముడువోతయా బిడ్డా?" అంది. అదే తెలుసుకుందామని అత్తమ్మా అన్నాను. నాకూ కడుపులో తిప్పుతూనే ఉంది. అది మా ఇంట్లో ఒక నెల కిరాణా ఖర్చు.

మొదటి వారం, ఆగస్టు 4 నుంచి 10

ఈసారి Boost కాదు, Ads Managerలోకి పోయి వాట్సాప్ సంభాషణలు కావాలని పెట్టాం. హైదరాబాద్, 25 నుంచి 55 ఏండ్లవాళ్లు. రెండు యాడ్లు. మొదటిది అత్తమ్మ వేళ్లతో తెల్లగుడ్డ మీద సకినం చుట్టే వీడియో, ధర లేదు. రెండోది డబ్బా ఫొటో, పైన పెద్దగా "కిలో 600, హైదరాబాద్ ఇంటికి చేర్చి". రెండింటికీ రోజుకు 300 చొప్పున సమానంగా. A/B test అనే పద్ధతిలో పెడితే ఒక మనిషికి ఒక్క యాడే కనిపిస్తుంది. లేకపోతే వీడియో చూసి ఊరిన నోరు ఫొటో చూసి ఆర్డర్ పెడితే ఆ పుణ్యం ఎవరిదో తెలియదు.

యాడ్ నొక్కగానే వాట్సాప్‌లో ముందే టైపు చేసి ఉండే మెసేజ్ ఒకటి వస్తుంది కదా, అందులో చిన్న గుర్తు పెట్టాం. వీడియో నుంచి వస్తే "సకినాలు కావాలి A", ఫొటో నుంచి వస్తే "సకినాలు కావాలి B". దాదాపు అందరూ దాన్ని అలాగే పంపుతారు, నూటికి నలుగురైదుగురు చెరిపేసి "హాయ్" అంటారు. అలా వచ్చినవాళ్లను ఎక్కడ చూశారని అడిగి రాసుకున్నాను. ఒకామె భర్త ఫోన్‌లో చూసి తన ఫోన్ నుంచి కాల్ చేసింది, ఏ యాడో ఆమెకు గుర్తు లేదు. ఇలాంటివాళ్లకు నోట్‌బుక్‌లో వేరే పేజీ.

శనివారమే పెట్టి ఉంచాం. ఆమోదానికి దాదాపు ఒక రోజు పట్టింది, సోమవారం పొద్దున మొదలైంది. పది గంటలకల్లా ఫోన్ మోగడం మొదలు. ఆ సంతోషం చెప్పలేను. మంగళవారం రాత్రికి వీడియో నుంచి ముప్పైకి పైగా మెసేజ్‌లు, ఒక్క ఆర్డర్ లేదు. ఫొటో నుంచి పన్నెండు మెసేజ్‌లు, మూడు ఆర్డర్లు. వీడియో ఆపేసి డబ్బంతా ఫొటో మీద పెడదామని ఆడబిడ్డకు ఫోన్ చేశాను. "వారం అయ్యేదాక ముట్టుకోకు" అంది. రెండు రోజుల్లో కనిపించేది మనిషి మీద మనిషి వచ్చిన వరస మాత్రమేనట. పైగా మధ్యలో బడ్జెట్ గట్టిగా మార్చినా, యాడ్ మార్చినా ఎవరికి చూపించాలో అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది, అంతవరకు పెట్టిన డబ్బు సగం వృథా. చేతులు కట్టుకుని కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు.

ఆర్డర్ ఎప్పటిదాకా లెక్కపెట్టాలో కూడా ముందే రాసుకున్నాం: యాడ్ ఆగాక ఇంకో ఏడు రోజులు. ఆగస్టు 17 దాకా ఆగాము. అది మంచిదే అయింది, మూడు ఆర్డర్లు ఆ వారంలోనే వచ్చాయి.

స్క్రీన్ మీద లెక్క ఇలా ఉంది. వీడియోకు 118 సంభాషణలు, ఒక్కోటి 18 రూపాయలు. ఫొటోకు 46, ఒక్కోటి 46 రూపాయలు. ఆ స్క్రీన్ మాత్రమే చూసినవాళ్లు ఎవరైనా వీడియో గెలిచిందనే అంటారు. ఇప్పుడు నోట్‌బుక్: వీడియోకు తొమ్మిది ఆర్డర్లు, అందులో ఇద్దరు పాతవాళ్లు. ఫొటోకు ఎనిమిది, ఒకరు పాత. కొత్తవాళ్లు ఇటు ఏడుగురు, అటు ఏడుగురు. సమానం. వీడియో చూసి వచ్చినవాళ్లలో చాలామంది "ఎంత?" అని అడిగి, 600 అనగానే మాయమయ్యారు. ఇంకొందరు "మా అమ్మమ్మ కూడా ఇట్లనే చేసేది" అని కబుర్లు చెప్పి, మంచి మాటలు చెప్పి వెళ్లిపోయారు. నూట పద్దెనిమిది మందికి జవాబు చెప్పేసరికి నా బొటనవేలు నొప్పి పుట్టింది, ఆ కష్టం ఏ లెక్కలోనూ లేదు. ధర ముందే చూసినవాళ్లలో ఆరేడుగురికి ఒకరు కొన్నారు.

మొత్తం 4,956 రూపాయలకు 14 మంది. ఒక్కొక్కరికి 354.

రిపోర్టులో ఉన్నది 120. మా గీత 180. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ లెక్క చూస్తే ఒక సంగతి కనిపించి నవ్వొచ్చింది. 4,956ను 164 సంభాషణలతో భాగిస్తే దాదాపు 30 రూపాయలు. ఆ యాడ్స్ అతను చెప్పింది నిజమే! తప్పింది నా మాట. నలుగురిలో ఒకరు కాదు, పన్నెండు మందిలో ఒకరు కొన్నారు. నేను నలుగురిలో ఒకరన్నది మా ఇంటి నంబర్ కనుక్కుని మరీ ఫోన్ చేసేవాళ్ల సంగతి. ఫోన్‌లో వేలు జరుపుతూ మధ్యలో ఆగినవాళ్లు ఆ కోవ కాదు.

పద్నాలుగు తక్కువ కదా, అదృష్టం బాగోలేదేమో అని ఆశగా అడిగాను. ఆడబిడ్డ ఒక మోటు లెక్క నేర్పింది. వచ్చిన ఆర్డర్ల సంఖ్యకు వర్గమూలం తీసి రెండింతలు చేసి, అటు కలుపు, ఇటు తీసెయ్. పద్నాలుగుకు వర్గమూలం మూడు పాయింట్ ఏడు, రెండింతలు ఏడున్నర. అంటే అదే యాడ్ అదే డబ్బుతో మళ్లీ వేస్తే అసలు సగటు సుమారు 7 నుంచి 21 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 21 అనుకున్నా కస్టమర్‌కి 236 రూపాయలు. ఎంత అదృష్టం కలిపినా 180 కిందికి రావట్లేదు. ఒక్క వారంతో, అయిదు వేలలోపు, లక్షా ఇరవై వేల లైను అబద్ధమని తేలిపోయింది. ఇది తేలడానికి ఖచ్చితమైన అంకె అక్కర్లేదు, గీతకు అటా ఇటా అన్నది తెలిస్తే చాలు.

ఇంతలో ఇంకో దెబ్బ. చిరునామాల పేజీ తిరగేస్తుంటే, పద్నాలుగు మందిలో ఆరుగురు డబ్బాను అన్నకో తమ్ముడికో పంపించారు. ఆగస్టు 9 రాఖీ! మేము తారీఖు పెట్టేటప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు. అంటే ఆ 354 కూడా పండుగ వారం అంకె, మామూలు వారంలో ఇంకా ఎక్కువే ఉంటుంది.

రెండో వారం, ఆగస్టు 18 నుంచి 24

కృష్ణాష్టమి అయిపోయింది, వినాయక చవితి 27న. మధ్యలో ఖాళీ వారం చూసుకున్నాం. మెసేజ్‌లు చదువుతుంటే రెండు కిలోలు కావాలన్నవాళ్లు కొందరు కనిపించారు. రెండు కిలోల డబ్బా అయితే లెక్క మారుతుంది, ఎందుకంటే కొరియర్‌కి రెండింతలు పట్టదు. సకినాలు కిలో, మురుకులు అర కిలో, గరిజెలు అర కిలో కలిపి 1,150 పెడితే సరుకు 410, కూలి 170, డబ్బా 60, కొరియర్ 120 పోను 390 మిగులుతుంది. అంటే ఈ డబ్బాకు గీత 390. ఖర్చు తగ్గించలేకపోతే గీతనైనా పైకి జరపొచ్చన్నమాట, కానీ యాడ్ మొదలయ్యే ముందు, సరుకు మార్చి, నిజాయితీగా.

కిలో డబ్బా ఫొటో, రెండు కిలోల డబ్బా ఫొటో, రెండింటి మీదా ధర, రోజుకు చెరి 300. ఒక్క మార్పే చేయాలన్నది నియమం. నేను దాన్ని తప్పాను. మొదటి వారంలో రాత్రి తొమ్మిది తర్వాత వచ్చిన 61 మెసేజ్‌లకు తెల్లారి జవాబిస్తే వాటిలో ఇద్దరే కొన్నారు. పొద్దునకు ఆకలి పోతుంది, మనిషి కూడా పోతాడు. అందుకని ఈ వారం నుంచి తొమ్మిది నుంచి పదకొండు దాకా మా ఆయన జవాబులివ్వడం మొదలుపెట్టాడు. కాబట్టి మొదటి వారాన్నీ రెండో వారాన్నీ పక్కపక్కన పెట్టి ఏది దేనివల్ల అని నేను చెప్పలేను. ఒకే వారంలోని రెండు యాడ్లను మాత్రమే పోల్చొచ్చు.

కిలో డబ్బాకు ఆరుగురు కొత్తవాళ్లు, ఒక్కొక్కరికి 413, గీత 180. రెండు కిలోలకు ఐదుగురు, ఒక్కొక్కరికి 496, గీత 390. రెండూ గీత దాటాయి. కానీ ఒకటి గీతకు రెండింతలు దాటింది, ఇంకోటి పావు వంతే దాటింది. ఐదుకు వర్గమూలం లెక్క వేస్తే ఇంచుమించు సున్నా నుంచి తొమ్మిదిన్నర వచ్చింది. ఇంత చిన్న అంకెల దగ్గర ఆ లెక్కే పనికిరాదట. ఐదుగురితో ఏదీ తేలదు, ఏ దారిలో ఇంకో అడుగు వేయాలో మాత్రం చెబుతుంది.

మూడోది, సెప్టెంబర్ 1 నుంచి 14

ఇక్కడ ఇంట్లో చిన్న గొడవైంది. అప్పటికే 11,682 రూపాయలు పోయాయి. మా ఆయన చాలన్నాడు. ఆడబిడ్డ ఫోన్‌లో, "అన్నా, ప్లాన్‌లో నెలకు ఇరవై వేలు పెడతమని రాసి, రోజుకు మూడొందల లెక్క చూపిస్తే ఎట్ల?" అంది. దానిలో అర్థం ఉంది. చిన్న డబ్బుకు ముందుగా దొరికేది కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు. డబ్బు పెంచుతున్నకొద్దీ యాడ్ అంతగా అవసరం లేనివాళ్ల దాకా పోతుంది, చూసినవాళ్లకే మళ్లీ చూపిస్తుంది. చెరువులో ముందు ఒడ్డున ఉన్న చేపలే కదా పడేది. కాబట్టి ప్లాన్‌లో రాసే స్థాయికి దగ్గరగా డబ్బు పెంచి చూడకపోతే ఆ అంకె ప్లాన్‌కు పనికిరాదు. రోజుకు 600, రెండు కిలోల డబ్బా ఒక్కటే, పద్నాలుగు రోజులు. పన్నుతో 9,912. ఆపాల్సిన గీత కూడా రాసుకున్నాం: 5,000 ఖర్చయ్యేసరికి ఐదుగురు కూడా రాకపోతే ఆపేయాలి.

21 దాకా ఆగి లెక్క కట్టాను. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. ఒకపక్క తంగేడు పూలు పళ్లెంలో పోసి ఉన్నాయి, ఇంకోపక్క నేను నోట్‌బుక్ ముందు. అత్తమ్మ తిట్టింది.

27 మంది. ఒక్కొక్కరికి 367. గీత 390. మొదటిసారి గీత కింద! లేచి గంతేశాను, నిజంగా. తర్వాత వారాల వారీగా విడదీశాను. మొదటి వారం మెసేజ్ పెట్టినవాళ్లలో 16 మంది కొన్నారు, 310 రూపాయలకు ఒకరు. రెండో వారం వాళ్లలో 11 మంది, 451కి ఒకరు. Frequency అని ఒక లైను ఉంటుంది, ఒక్కో మనిషి ఆ యాడ్ సగటున ఎన్నిసార్లు చూశాడని. మొదటి వారం చివర 1.4 ఉన్నది రెండో వారం చివరకు 2.1 అయింది. చూసినవాళ్లే మళ్లీ చూస్తున్నారు. పదహారు పదకొండు కావడం అదృష్టం తేడా కూడా కావొచ్చు, అంత చిన్న తేడాను నమ్మకంగా చెప్పలేం. కానీ ప్లాన్ నడిచేది ఆరు నెలలు. ప్రతి వారం మొదటి వారంలా ఉంటుందని రాయడానికి నాకు ధైర్యం లేకపోయింది. 27కు మోటు లెక్క వేస్తే 17 నుంచి 37, అంటే 268 నుంచి 583 దాకా. ప్లాన్‌లో 450 రాద్దామనుకున్నాం.

450 అంటే ప్రతి మొదటి డబ్బా మీద 60 రూపాయలు చేతి నుంచి పోతాయి. అది తిరిగి రావాలంటే వాళ్లు మళ్లీ కొనాలి. ఆ సంగతి తెలియడానికి యాడ్ డబ్బు కాదు, ఓపిక కావాలి. నవంబర్ 10 దాకా ఆగాను. మూడు పరీక్షల్లో వచ్చిన 52 మందిలో తొమ్మిది మంది మళ్లీ కొన్నారు. ముగ్గురిలో ఒకరు కాదు, ఆరుగురిలో ఒకరు. అదీ మధ్యలో బతుకమ్మ, దసరా, దీపావళి ఉండగా. ఆరుగురిలో ఒకరు 390 మిగిలిస్తే మనిషికి 65 పడుతుంది. పోయే 60కి వచ్చే 65. నడుస్తుంది గానీ, నూనె ధర కాస్త పెరిగితే ఆ అయిదు రూపాయలు ఎటు పోతాయో తెలియదు.

మొత్తం పరీక్షల ఖర్చు, ఆ మొదటి Boostతో కలిపి, 21,594. కొత్తవాళ్ల మొదటి ఆర్డర్ల మీద మిగిలింది 16,080. అంటే, మళ్లీ కొన్నవి కలపకుండా, నాకు పోయింది 5,514 రూపాయలు, నాలుగు నెలలు, కొన్ని నిద్రలు. ముందే ఇది తెలిసి ఉంటే మా ఆయనతో గొడవ ఉండేది కాదు. పరీక్ష డబ్బు మొత్తం పోయినట్టు కాదు, అమ్మకాల మీద మిగిలేది కూడా ముందే అంచనా వేసి ఇంట్లో చెప్పాల్సింది.

మళ్లీ బ్యాంకుకు

ఆడిటర్‌కు కొత్త లెక్క చెబితే మొహం అదోలా పెట్టాడు. ప్రచారం 1,20,000 నుంచి 36,000కి దించమన్నాను, నెలకు ఆరు వేలు. దాంతో వచ్చేది ఎనభై మంది, వెయ్యి కాదు. మిగతా అమ్మకాలు పాత బాటలోనే, తెలిసినవాళ్ల ద్వారా. "అమ్మా, అమ్మకాలు గింత తగ్గిస్తే బ్యాంకోళ్లు ఇస్తరా?" అన్నాడు. పాత లెక్కే ఉంచి అదే 1,20,000 ఖర్చు పెడితే వచ్చేది 267 మంది, దాని మీద వెయ్యి మందికి సరిపడా నూనె డబ్బాలు, అట్టపెట్టెలు కొని పెట్టుకుని ఉండేవాళ్లం అని చెప్పాను. ప్రచారం లైను కింద ఒక వాక్యం కూడా రాయించాను: ఏ నెలైనా కస్టమర్‌కి 500 దాటితే తర్వాతి నెల యాడ్ ఆపేస్తాం. లోన్ 4 లక్షల నుంచి 3,16,000కి తగ్గింది.

నవంబర్ 17న అదే బ్రాంచి, అదే సార్. ఆ పేజీ దగ్గరికే తిప్పాడు. "వెయ్యి మంది ఏమైన్రు?" అన్నాడు నవ్వుతూ. నోట్‌బుక్ ఇచ్చాను. A, B అని గుర్తులు, తారీఖులు, డబ్బులు పడ్డ వివరాలు ఒక్కొక్కటీ చూశాడు. రాఖీ అని రాసి చుట్టూ గీత గీసిన చోట ఆగి ఇదేందని అడిగాడు, చెప్పాను. "మరి సంక్రాంతికి గీ 450 పనిజేస్తదా?" అన్నాడు.

అదే నా భయం కూడా. సంక్రాంతికి సకినాలు అడిగేవాళ్లు పెరుగుతారు, కానీ అమ్మేవాళ్లు అంతకంటే ఎక్కువ యాడ్లు వేస్తారు. అంకె ఎటు పోతుందో సెప్టెంబర్ లెక్క చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉందని, దానికని 4,200 పక్కన పెట్టానని చెప్పాను. ఆయన ఏదో రాసుకున్నాడు.

22 రోజులకు, డిసెంబర్ 9న లోన్ మంజూరైందని ఫోన్ వచ్చింది. డిసెంబర్ 15, సోమవారం పొద్దున సంక్రాంతి యాడ్ మొదలుపెట్టాను. రెండు కిలోల డబ్బా, ధర ముందే, గుర్తు D. ఇవాళ మూడో రోజు. పందొమ్మిది మెసేజ్‌లు, ఒక్క ఆర్డర్. అత్తమ్మ రెండుసార్లు అడిగింది ఏమైందని. ఆదివారం దాకా అడగొద్దని చెప్పాను.